కొత్త ఫైబర్ కనెక్షన్, మొదటి రోజే నెట్ లేదు: ఆగింది ఎక్కడ?

కొత్త బ్రాడ్‌బ్యాండ్ బిగించిన రోజే నెట్ రాకపోతే చాలామంది కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చెప్పేది ఒకటే మాట: లైన్ పనిచేయడం లేదు. ఆ మాట విన్న ఏజెంటు ‘లైన్ ఫాల్ట్’ కింద ఫిర్యాదు రాసుకుంటాడు. మర్నాడో ఆ మర్నాడో ఒక మనిషి వచ్చి, తీగ చూసి, బాగానే ఉందని చెప్పి వెళ్లిపోతాడు. నెట్ మాత్రం రాదు.

నిన్నటిదాకా నడిచి ఇవాళ ఆగిన లైను వేరు, ఇంకా ఒక్కసారి కూడా నడవని లైను వేరు. మొదటి దానిలో ఏదో తెగి ఉంటుంది, లేదా చెడిపోయి ఉంటుంది. రెండో దానిలో చాలాసార్లు ఏదీ చెడిపోయి ఉండదు. సంస్థ రికార్డుల్లో ఉండాల్సిన ఒక వివరం ఇంకా అక్కడికి చేరి ఉండదు, లేదా తప్పుగా చేరి ఉంటుంది. తీగ చూడటానికి వచ్చిన మనిషి చేతిలో దానికి మందు లేదు. అందుకే ఫోన్ చేసేముందు పది నిమిషాలు వెచ్చించి, పని ఏ దశలో ఆగిందో ఇంట్లోనే తెలుసుకోవడం చాలా అవసరం. ఫిర్యాదు ఏ విభాగానికి వెళ్తుందన్నది ఆ ఒక్క సమాచారం మీదే ఆధారపడుతుంది.

ఈ వ్యాసం ఫైబర్ కనెక్షన్ గురించి. నెట్ రావాలంటే ఇక్కడ నాలుగు పనులు ఒకదాని తర్వాత ఒకటి జరగాలి. సంస్థ పంపే కాంతి ఇంట్లోని బాక్సుకు చేరాలి. ఆ బాక్సు మనదేనని అవతలి పరికరం గుర్తించాలి. ఆ తర్వాత బాక్సు ఖాతా వివరాలతో లాగిన్ అయి ఐపీ అడ్రస్ తెచ్చుకోవాలి. చివరగా ఆ ఖాతా మీద ప్లాన్ నడుస్తూ ఉండాలి. ముందుది జరగకుండా తర్వాతది జరగదు. టెలిఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్‌లోనూ, కేబుల్ మోడెమ్‌లోనూ లైట్ల పేర్లు మారతాయి గానీ వరుస దాదాపు ఇదే.

టెక్నీషియన్ వెళ్లిపోయాక జరిగే పని

టెక్నీషియన్ చేతిలో ఉన్నది ఈ నాలుగింటిలో మొదటిది మాత్రమే. తీగ లాగడం, కనెక్టర్ వేయడం, కాంతి కొలవడం, బాక్సు పెట్టడం అతని పని. అది అయ్యాక తన ఫోన్లోని యాప్‌లో బాక్సు సీరియల్ నంబరు ఎక్కించి పని పూర్తయిందని నొక్కుతాడు. అసలు యాక్టివేషన్ చాలా సంస్థల్లో ఆ నొక్కుడుతోనే మొదలవుతుంది. అక్కడి నుంచి ఆర్డరు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో సాఫ్ట్‌వేర్‌కు వెళ్తుంది. ఒకటి ఫైబర్ అవతలి కొసన ఉన్న పరికరానికి, అంటే ఓఎల్‌టీకి, ‘ఈ సీరియల్ ఉన్న బాక్సును రానివ్వు’ అని చెబుతుంది. ఇంకొకటి లాగిన్ సర్వర్‌లో ఖాతా తెరుస్తుంది. మరొకటి ఖాతాకు ప్లాన్‌ను జోడించి బిల్లింగ్ మొదలుపెడుతుంది.

అన్నీ సాఫీగా సాగితే ఇది నిమిషాల్లో అయిపోతుంది. గుర్తింపు పత్రాల పరిశీలన మిగిలి ఉన్నా, ఆ రోజు ఆర్డర్లు ఎక్కువగా ఉన్నా గంటలు పట్టవచ్చు. ఇది మామూలు ఆలస్యం, వేచి ఉంటే తీరుతుంది. తీరనిది మరొకటి ఉంది. ఆర్డరు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు ఏదో ఒక వివరం కుదరక మధ్యలో పడిపోతుంది. టెక్నీషియన్ లెక్కలో పని పూర్తయింది, కస్టమర్ లెక్కలో నెట్ రావాలి. పడిపోయిన ఆర్డరును ఎవరో ఒకరు వెతికి పట్టుకునేదాకా అది అక్కడే ఉంటుంది. రెండు రోజులు ఆగినా, వారం ఆగినా ఫలితం ఒకటే.

ఆలస్యమా, ఆగిపోయిందా అని పోల్చుకోవడానికి కస్టమర్‌కు ఉన్న ఆధారం సంస్థ యాప్‌లో కనిపించే ఆర్డరు స్థితి. పత్రాల పరిశీలన జరుగుతోందనో, యాక్టివేషన్ జరుగుతోందనో చూపిస్తుంటే వాళ్లు చెప్పిన గడువు వరకు ఆగడం సబబు. పని పూర్తయిందనీ ఖాతా యాక్టివ్ అనీ చూపిస్తూ కూడా నెట్ రాకపోతే ఆగి లాభం లేదు.

ఎర్ర లైటు చెప్పేది

బాక్సు మీద మొదట చూడాల్సింది LOS అని రాసి ఉన్న లైటు. అది ఎర్రగా వెలుగుతున్నా, ఎర్రగా మినుకుతున్నా కాంతి రావడం లేదని, లేదా చాలదని అర్థం. మొదటి రోజు తెలిసే సమస్యల్లో నిజంగా ‘లైన్ ఫాల్ట్’ అనదగింది ఇదొక్కటే. తీగ ఎక్కడో తెగి ఉండవచ్చు, వీధి పెట్టెలో కనెక్టర్ సరిగా దిగకపోయి ఉండవచ్చు. ఇంట్లోనే గోడ మూల దగ్గర తీగను మరీ ఒంచి బిగించినా కాంతి ఆ ఒంపు దగ్గర బయటికి కారిపోతుంది.

ఇంట్లో చూడగలిగింది తక్కువే. బాక్సు వెనక కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో, తీగ పదునుగా మడత పడిందో లేదో చూడవచ్చు. కనెక్టర్ రంగు కూడా గమనించాలి. ఆకుపచ్చ కనెక్టర్ కొస కాస్త ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలం కొస అలా ఉండదు. ఒకదాన్ని ఇంకోదాని సాకెట్‌లో గుచ్చితే పడుతుంది గానీ రెండు కొసలూ సరిగా ఆనవు, కాంతి చాలావరకు వృథా అవుతుంది. కనెక్టర్ ఊడదీసి లోపలికి చూడటం మాత్రం ఎవరూ చేయకూడదు. ఎక్కువగా వాడుకలో ఉన్న జీపాన్ ఫైబర్‌లో కిందికి వచ్చే కాంతి 1490 నానోమీటర్లది. అది కంటికి కనిపించదు, కనిపించనంత మాత్రాన కంటికి సురక్షితం కాదు.

LOS లైటు ఆరిపోయి ఉంటే కాంతి వస్తున్నట్టే. ఎంత వస్తోందో బాక్సు సెట్టింగ్స్ పేజీలో అంకె రూపంలో కనిపిస్తుంది. బ్రౌజర్‌లో బాక్సు అడ్రస్ కొట్టి, అడుగున అతికించిన స్టిక్కర్ మీది యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లాలి. అడ్రస్ చాలావాటిలో 192.168.1.1 ఉంటుంది. ఫోన్‌తో చేస్తుంటే మొబైల్ డేటా ఆపాలి. వైఫైలో నెట్ లేదని గమనించిన ఫోన్ చాలాసార్లు తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోతుంది, అప్పుడు బాక్సు పేజీ తెరుచుకోదు. దాన్ని చూసి బాక్సే చెడిపోయిందని అనుకునే ప్రమాదం ఉంది.

ఆ పేజీల్లో Optical లేదా PON అని ఉన్నచోట Rx Power అనే అంకె ఉంటుంది. అది -20 dBm లాగా మైనస్‌తో కనబడుతుంది. మైనస్ చూసి కంగారు పడనక్కర్లేదు. ఒకే ఫైబర్ కాంతిని వీధిలో 32 ఇళ్లకు పంచే స్ప్లిటర్ ఒక్కటే 17 డెసిబెల్స్ దాకా తినేస్తుంది. అవతల పంపినప్పుడు ప్లస్‌లో ఉన్న అంకె ఇంటికొచ్చేసరికి మైనస్‌లోకి దిగడం సహజం. జీపాన్‌లో బాగా వాడుకలో ఉన్న శ్రేణి బాక్సులు -8 నుంచి -27 వరకు అందుకోగలవు. ప్రతి 3 డెసిబెల్స్‌కు కాంతి సగమవుతుంది కాబట్టి -26 దగ్గర ఉన్న లైను ఈరోజు నడిచినా అంచున ఉన్నట్టే. -18, -22 మధ్య ఉంటే ఈ దశ గురించి ఇక ఆలోచించనవసరం లేదు.

PON లైటు ఆగకుండా మినుకుతుంటే

కొత్త కనెక్షన్లలో ఎక్కువ మనసు పెట్టి చూడాల్సిన దశ ఇది, ఫిర్యాదు దారి తప్పేది కూడా ఎక్కువగా ఇక్కడే. కాంతి వచ్చాక బాక్సు తన సీరియల్ నంబరు చెప్పి ఓఎల్‌టీ దగ్గర నమోదు కావాలి. బాక్సు లోపల ఈ ప్రక్రియకు O1 నుంచి వరుసగా దశలున్నాయి. O1 అంటే కాంతి కోసం చూస్తోంది, O3 అంటే సీరియల్ చెబుతోంది, O4లో ఓఎల్‌టీ దూరం లెక్క కడుతోంది, O5 అంటే నమోదు పూర్తయింది. కొన్ని బాక్సుల పేజీలో ఈ దశ Registration State అనో, అలాంటి పేరుతోనో కనిపిస్తుంది. బయట PON లైటు మినుకుతున్నంతసేపూ ప్రయత్నం నడుస్తోందని, నిలకడగా వెలిగితే O5కి చేరిందని అర్థం.

స్విచ్ వేశాక ఒకట్రెండు నిమిషాలు మినుకుతుండటం మామూలే. LOS ఆరి ఉండి, కాంతి అంకె బాగుండి, PON మాత్రం పావుగంటైనా మినుకుతూనే ఉంటే ఒక సంగతి చాలావరకు తేలిపోయినట్టే. బాక్సు తలుపు తడుతోంది, అవతలి జాబితాలో దాని పేరు లేదు.

పేరు ఎందుకు ఉండదు? ఆర్డరు ఇంకా ఓఎల్‌టీ దాకా చేరకపోయి ఉండవచ్చు, అది పైన చెప్పుకున్న ఆలస్యం. లేదా సీరియల్ తప్పు పడి ఉంటుంది. జీపాన్ సీరియల్‌లో 12 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు తయారీదారు గుర్తు, HWTC, ZTEG లాంటివి. మిగతా ఎనిమిది హెక్సాడెసిమల్ అంకెలు, అంటే 0 నుంచి 9, A నుంచి F మాత్రమే. కాబట్టి ఆ ఎనిమిదింటిలో గుండ్రంగా కనిపించేది ఎప్పుడూ సున్నాయే, O అనే అక్షరం అక్కడ ఉండనే ఉండదు. సన్నని అచ్చులో B ని 8 గా, D ని 0 గా చదవడం మాత్రం తేలిగ్గా జరిగిపోతుంది. ఇంకో చిక్కు, ఒకే సీరియల్‌ను రెండు రూపాల్లో అచ్చువేయడం. మొదటి నాలుగు అక్షరాలను కూడా హెక్సా అంకెల్లో రాస్తే మొత్తం 16 అవుతాయి:

```
HWTC1A2B3C4D
485754431A2B3C4D
```

ఈ రెండూ ఒకే బాక్సు. స్టిక్కర్ మీద ఒక రూపం, సంస్థ రికార్డులో ఇంకో రూపం ఉంటే వేరువేరు బాక్సులని ఏజెంటు కూడా పొరబడవచ్చు. చివరి ఎనిమిదీ పోల్చి చూసుకుంటే సరిపోతుంది. పక్కనే అచ్చువేసే మ్యాక్ అడ్రస్‌ను, అంటే నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబరును, సీరియల్ అనుకోకూడదు. దానిలో ఉండేవి 12 హెక్సా అంకెలు, మొదట్లో నాలుగక్షరాల తయారీదారు గుర్తు ఉండదు.

మూడో కారణం, పోర్టు మారడం. చాలాచోట్ల బాక్సును ఓఎల్‌టీలోని ఒక ఫలానా పోర్టు మీదే రానిచ్చేలా రాస్తారు. వీధి పెట్టెలో అనుకున్న స్ప్లిటర్ నిండిపోయిందని టెక్నీషియన్ పక్క స్ప్లిటర్‌లో తీగ గుచ్చి ఉంటే, సీరియల్ సరైనదైనా బాక్సు వేరే పోర్టు మీద వచ్చి నిలబడుతుంది. బయటికి కనిపించే లక్షణం అదే, PON మినుకుతూనే ఉంటుంది.

ఇలాంటి ఒక సందర్భాన్ని మొదటి నుంచి చూద్దాం. మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చి తీగ లాగాడు. తెచ్చిన బాక్సులో వైఫై రాకపోవడంతో సంచిలోంచి రెండోది తీసి బిగించాడు. వైఫై పేరు పెట్టాడు, యాక్టివేషన్‌కు కొంచెంసేపు పడుతుందని చెప్పి యాప్‌లో పని ముగించాడు. సాయంత్రమైనా నెట్ రాలేదు. LOS ఆరి ఉంది, PON మినుకుతోంది. ఇంటివాళ్లు ఫోన్ చేసి నెట్ రావడం లేదన్నారు, ఏజెంటు లైన్ ఫాల్ట్ రాశాడు. మర్నాడు పవర్ మీటర్‌తో ఇంకొకరు వచ్చి కొలిస్తే -20.6 వచ్చింది. కనెక్టర్ తుడిచి, కాంతి బాగుందని రాసి ఫిర్యాదు ముగించాడు. అతను అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చాడు, అడగాల్సిన ప్రశ్న అది కాదు.

రెండోసారి ఫోన్ చేసినప్పుడు ఇంటివాళ్లు బాక్సు కింది స్టిక్కర్ ఫొటో తీసి పెట్టుకున్నారు. నా ఖాతా మీద ఏ సీరియల్ ఉందో చివరి నాలుగు అంకెలు చెప్పండి అని అడిగారు. ఏజెంటు చెప్పినవి స్టిక్కర్ మీదివి కావు, మధ్యాహ్నం వెనక్కి తీసుకెళ్లిన మొదటి బాక్సువి. యాప్‌లో ముందుగా ఎక్కించిన నంబరు అలాగే ఉండిపోయింది. యాక్టివేషన్ విభాగం సీరియల్ మార్చాక నిమిషాల్లోనే PON నిలకడగా వెలిగింది. ఈ మొత్తంలో బాధ కలిగించే సంగతి, కొత్త బాక్సు సీరియల్ మొదటి సాయంత్రం నుంచే ఓఎల్‌టీకి తెలుసు. ఎవరికీ కేటాయించని బాక్సుల జాబితాలో అది కనిపిస్తూనే ఉంది. ఆ జాబితా చూసే మనిషి దాకా ఫిర్యాదు వెళ్లలేదు.

బాక్సు మార్చినా, పాతింటి నుంచి బాక్సు తెచ్చుకున్నా, ముందు అద్దెకున్నవాళ్ల బాక్సునే వాడుతున్నా ఈ పోలిక తప్పకుండా చేయాలి. పాత ఖాతా మీద ఇంకా అతికి ఉన్న సీరియల్‌ను కొత్త ఖాతాకు ఎక్కించడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, ఆర్డరు చప్పుడు లేకుండా పడిపోతుంది.

PON నిలకడ, నెట్ సున్నా

PON నిలకడగా ఉండి Internet లైటు ఆరి ఉన్నా, ఎర్రగా ఉన్నా సమస్య లాగిన్ దగ్గర ఉంది. బాక్సు పేజీలో WAN, అంటే సంస్థ వైపు కనెక్షన్, స్థితి చూడాలి. అక్కడ IPv4 అడ్రస్ ఖాళీగానో 0.0.0.0 గానో ఉంటుంది. PPPoE పద్ధతి వాడే సంస్థలైతే బాక్సు ముందుగా ‘సర్వర్ ఎవరైనా ఉన్నారా’ అని పిలుస్తుంది, జవాబు వచ్చాక యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పంపుతుంది. ఈ రెంటిలో ఏది విఫలమైందో తెలిస్తే సగం పని అయినట్టే.

పిలుపుకు జవాబే రాకపోతే చాలా బాక్సుల్లో ERROR_ISP_TIME_OUT లాంటి మాట కనిపిస్తుంది, లేదా Connecting దగ్గరే ఉండిపోతుంది. దీనికి సాధారణంగా కారణం విల్యాన్ నంబరు తప్పు కావడం. సంస్థ తన నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్, టెలిఫోన్, టీవీలను వేరువేరు నంబర్లతో విడదీస్తుంది. బాక్సులో ఉన్న నంబరు, అవతల రాసిన నంబరు ఒకటి కాకపోతే బాక్సు పిలుపు ఎవరికీ వినపడదు. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చి కొట్టినా ఇక్కడ ఉపయోగం లేదు, ఎందుకంటే పాస్‌వర్డ్ అడిగేదాకా సంగతి వెళ్లనేలేదు.

జవాబు వచ్చి లాగిన్ తిరస్కరించబడితే ERROR_AUTHENTICATION_FAILURE అని కనిపిస్తుంది. కంప్యూటర్ నుంచి నేరుగా డయల్ చేసేవాళ్లకు విండోస్‌లో కనిపించే 691 కూడా ఇదే. యూజర్ నేమ్‌లో ఒక అక్షరం తప్పు పడటం ఒక కారణం. ఖాతా ఇంకా తెరవకపోవడం ఇంకొకటి. బయటికి కనిపించనిది మూడోది ఉంది: ఖాతాను మొదట లాగిన్ అయిన పరికరం మ్యాక్ అడ్రస్‌కు కట్టేసే సంస్థలున్నాయి. టెక్నీషియన్ పరీక్ష కోసం తన ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ అయి చూస్తే ఖాతా ఆ ల్యాప్‌టాప్‌కు కట్టుబడిపోతుంది, ఇంట్లోని బాక్సును సర్వర్ రానివ్వదు. ఒక ఖాతాకు ఒకే సెషన్ అనే నియమం ఉన్నచోట, తెగిపోయిన పాత సెషన్ సర్వర్‌లో ఇంకా బతికున్నట్టు నమోదై ఉన్నా అదే జరుగుతుంది. అప్పుడు బాక్సును పదే పదే ఆపి వేయడం కన్నా, ఒకసారి ఆపి పావుగంట అలాగే ఉంచి వేయడం మేలు. అయినా రాకపోతే మ్యాక్ బైండింగ్ తీసేసి సెషన్ క్లియర్ చేయమని అడగాలి. ఏజెంటుకు అర్థమయ్యే మాటలు అవే.

ఈ దశలో ఎంతోమంది చేసే పని ఒకటి పరిస్థితిని మరింత చెడగొడుతుంది. బాక్సు వెనక సన్నని రంధ్రంలో సూది గుచ్చి రీసెట్ చేయడం. స్విచ్ ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు. రీసెట్ చేస్తే టెక్నీషియన్ పెట్టిన యూజర్ నేమ్, విల్యాన్ నంబరు సహా అన్నీ చెరిగిపోవచ్చు. దూరం నుంచే బాక్సును తిరిగి నింపే ఏర్పాటు కొన్ని సంస్థలకు ఉంది, కొన్నింటికి లేదు. లేనిచోట అప్పటిదాకా అవతల ఒక్క నిమిషంలో సరిదిద్దగలిగిన తప్పుకు మళ్లీ మనిషి ఇంటికి రావాల్సి వస్తుంది. ఏజెంటు చెబితే తప్ప ఆ రంధ్రం జోలికి వెళ్లకూడదు.

అడ్రస్ వచ్చినా పేజీ తెరుచుకోకపోతే

WAN దగ్గర అడ్రస్ కనిపిస్తోందంటే మూడు దశలు దాటినట్టే. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైనా తప్పు కాదు, ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఎంతోమందికి పంచే సంస్థలు ఇచ్చే అడ్రస్ అది. ఇప్పుడు కంప్యూటర్‌ను వీలైతే తీగతో బాక్సుకు కలిపి, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో నాలుగు ఆదేశాలు కొట్టి చూడాలి:

```
ipconfig
ping 192.168.1.1
ping 8.8.8.8
nslookup example.com
```

మొదటిదాంట్లో 169.254 తో మొదలయ్యే అడ్రస్ వస్తే కంప్యూటర్‌కు బాక్సు నుంచే అడ్రస్ అందలేదు, తప్పు ఇంట్లోనే ఉంది. బాక్సు జవాబిచ్చి 8.8.8.8 ఇవ్వకపోతే తప్పు బాక్సు అవతల ఉంది. 8.8.8.8 జవాబిచ్చి చివరిది విఫలమైతే పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ ఒక్కటే పనిచేయడం లేదు. బాక్సులో డీఎన్ఎస్‌గా 8.8.8.8 పెట్టి చూస్తే నిమిషంలో తేలుతుంది.

ఏ పేజీ కొట్టినా సంస్థ పేజీకే వెళ్తోందంటే ఖాతా పుట్టింది గానీ ప్లాన్ ఇంకా మొదలు కాలేదు. పత్రాలో, చెల్లింపో మిగిలి ఉంటుంది. ఆ పేజీ ఒక్కోసారి దానంతట అది రాదు. ఇప్పటి సైట్లు దాదాపు అన్నీ సురక్షిత కనెక్షన్ మీద నడుస్తాయి కాబట్టి దారి మళ్లించే ప్రయత్నాన్ని బ్రౌజర్ అడ్డుకుని హెచ్చరిక చూపిస్తుంది. అడ్రస్ బార్‌లో http://neverssl.com లాంటి మామూలు అడ్రస్ కొడితే దాగి ఉన్న ఆ పేజీ బయటపడుతుంది.

సొంత రౌటర్‌ను సంస్థ బాక్సు వెనక పెట్టుకున్నవాళ్లు మరొకటి చూడాలి. రెండూ 192.168.1.1 అనే అడ్రస్‌నే వాడుతుంటే రౌటర్‌కు ఏది లోపల, ఏది బయట అన్నది తేలదు. రౌటర్ పక్కకు తీసి నేరుగా బాక్సుతో నెట్ వస్తే, సంస్థకు ఫోన్ చేయాల్సిన పనే లేదు. రౌటర్ లోపలి అడ్రస్‌ను 192.168.50.1 లాంటిదానికి మార్చుకుంటే సరి.

ఫోన్లో చెప్పాల్సింది

ఇదంతా చూశాక ఏజెంటుతో మాట్లాడే మొదటి వాక్యమే మారిపోతుంది. ‘కొత్త కనెక్షన్, ఇప్పటిదాకా ఒక్కసారీ నెట్ రాలేదు. LOS ఆరి ఉంది, కాంతి -20.6, PON మినుకుతోంది. నా ఖాతా మీద ఉన్న సీరియల్ సరిచూసి, ఫిర్యాదును యాక్టివేషన్ కింద రాయండి.’ ఒక్కసారీ రాలేదు అన్న మాట తప్పకుండా చెప్పాలి, లేకపోతే పాత కనెక్షన్లకు చదివే ప్రశ్నల పట్టికే మొదలవుతుంది. బాక్సును ఆపి వేయమంటారు, తీగ చూడమంటారు, చివరికి మనిషిని పంపుతామంటారు. లాగిన్ దశలో ఆగితే తెరమీద కనిపించిన ఎర్రర్ మాటను అక్షరం పొల్లుపోకుండా చదవాలి. ఫిర్యాదు నంబరుతో పాటు అది ఏ విభాగం కింద నమోదైందో కూడా అడగాలి. లైన్ ఫాల్ట్ అని చెబితే, కాంతి అంకె మళ్లీ చెప్పి మార్పించుకోవడం న్యాయమైన కోరికే.

దీనికన్నా మంచి సమయం టెక్నీషియన్ ఇంట్లో ఉన్నప్పుడే దొరుకుతుంది. యాప్‌లో పని ముగించేముందు కాంతి అంకె, ఎక్కించిన సీరియల్ చూపించమని అడిగి, స్టిక్కర్‌తో పోల్చుకుని ఫొటో తీసుకోవచ్చు. అతనికి రెండు నిమిషాల పని. అతనికి లోపలి నంబరుకు ఫోన్ చేసి సీరియల్ మార్పించగలిగే వీలు చాలాచోట్ల ఉంటుంది, కస్టమర్‌కు అది ఉండదు.

నెట్ వచ్చాక యాప్‌లో ప్లాన్ మొదలైన తేదీ చూడాలి. కొన్నిచోట్ల టెక్నీషియన్ పని ముగించిన క్షణం నుంచే రోజులు లెక్కలోకి వస్తాయి, నెట్ మాత్రం మూడు రోజుల తర్వాత వచ్చి ఉంటుంది. లాగిన్ సర్వర్‌లో ఖాతా మొదటి సెషన్ ఏ రోజు, ఏ సమయానికి మొదలైందో నమోదై ఉంటుంది. ఫిర్యాదు నంబరు చెప్పి, ప్లాన్ తేదీని ఆ మొదటి సెషన్ తేదీకి మార్చమని లిఖితపూర్వకంగా అడగాలి.